పలచటి షేర్లలో లిమిట్ ధర ఎక్కడ పెట్టాలి?

(ఒంగోలులో చిన్న మదుపరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ప్రశ్నలుంటే చీటీల మీద రాసి ముందే పంపమన్నాను. వచ్చినవాటిలో ఒక చీటీ ఈ సాయంత్రానికి సరిపడా పని పెట్టింది. పేరు చెప్పను, ప్రశ్న మాత్రం చదువుతాను. "ఫోనులో ధర 184 రూపాయల 90 పైసలు కనిపించింది. వెయ్యి షేర్లకు మార్కెట్ ఆర్డరు పెట్టాను. కాంట్రాక్టు నోటులో సగటు 187 దాటింది. మధ్యలో రెండు వేల చిల్లర ఎవరు తిన్నారు?"

ఎవరూ తినలేదండీ. ఆయన అడిగిన వెయ్యి షేర్లు ఆ ధరకు ఎవరి దగ్గరా లేవు. ఉన్నవి 85. మిగతావి ఎంతకు ఇస్తే అంతకు కొనిపెట్టమని ఆయనే రాసి ఇచ్చారు. మార్కెట్ ఆర్డరు అంటే అర్థం అదే.

పెద్ద కంపెనీల షేర్లలో ఈ తేడా కంటికి కనిపించదు. మనవాళ్లు కొనేవి అవి మాత్రమే కావు. చీమకుర్తి రాయి తెలిసినవారు గ్రానైట్ కంపెనీ వైపు చూస్తారు, రొయ్యల చెరువు ఉన్నవారు మేత కంపెనీ వైపు చూస్తారు. వ్యాపారం తెలిసిన చోట డబ్బు పెట్టడంలో తప్పు లేదు. కానీ ఆ చిన్న కంపెనీల్లో చాలావాటికి రోజంతా కలిపి మూడు నాలుగు వేల షేర్లు కూడా చేతులు మారవు. అలాంటివాటినే పలచటి షేర్లు అంటున్నాను. ఇంతకు మించి కొనను, ఇంతకు తగ్గి అమ్మను అని ధర రాసి పెట్టేది లిమిట్ ఆర్డరు. పలచటి షేరులో ఆ ఆర్డరు ఏ ధరకు పెట్టాలి అన్నదే ఈరోజు విషయం. ఏ కంపెనీ కొనాలో నేను చెప్పను, అడగకండి.

ముందుగా ఆ 184.90 సంగతి చూద్దాం. తెర మీద పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె చివరి లావాదేవీ ధర. ఎల్‌టీపీ అంటారు. పొగాకు వేలం చూడనివారు ఈ హాల్లో ఎవరూ ఉండరు కనుక ఇలా చెబుతాను. పక్క రైతు బేలుకు ఒక ధర పలికింది. అదే గ్రేడు, అదే రంగు, తర్వాతి బేలు మీది. ఆ ధర మీకు హామీనా? కాదు. ఆ కొనుగోలుదారుకు ఇంకా సరుకు కావాలా, అతనితో పోటీ పడేవాడు ఇంకొకడు ఉన్నాడా అన్నదాన్ని బట్టి మీ ధర తేలుతుంది. ఎల్‌టీపీ పక్క బేలు ధర.

అది ఎప్పటి ధరో కూడా చూడాలి. కొనేవారు, అమ్మేవారు ఏ ధరకు ఎన్ని షేర్లతో నిలబడి ఉన్నారో చూపే పట్టికను డెప్త్ అంటారు. అది తెరిస్తే కింద చివరి లావాదేవీ సమయం ఉంటుంది. ఇప్పుడు పదకొండున్నర అనుకోండి, అక్కడ 10:42 అని ఉంటుంది. ముప్పావు గంటగా ఒక్క షేరూ కదలలేదన్నమాట. ఇంకో చిత్రం కూడా జరుగుతుంది. కొనేవాడు 181.20 దగ్గర, అమ్మేవాడు 184.90 దగ్గర పట్టుబట్టి కూర్చున్నారు. ఒకరు తొందరపడి పది షేర్లు అమ్మితే ఎల్‌టీపీ 181.20. ఇంకొకరు తొందరపడి పది కొంటే 184.90. కంపెనీలో ఏమీ జరగలేదు, ఆ ఇద్దరూ ఉన్న చోటు నుంచి కదలలేదు. ఫోనులో మాత్రం షేరు రెండు శాతం పడి, రెండు శాతం లేచింది. అది చూసి ఏదో వార్త వచ్చిందని పరుగెత్తేవారిని చాలామందిని చూశాను.

ఇప్పుడు బోర్డు చూడండి. ఈ అంకెలు నేను వేసినవి, ఏ కంపెనీవీ కావు. ఇలాంటి షేరులో డెప్త్ తెరిస్తే సాధారణంగా కనిపించే తరహా మాత్రం ఇదే. ఐదు వరుసలు కొనేవారివి, ఐదు వరుసలు అమ్మేవారివి. నిన్నటి ముగింపు 182.40.

| కొనుగోలు ధర | షేర్లు | ఆర్డర్లు | అమ్మకపు ధర | షేర్లు | ఆర్డర్లు |
|---|---|---|---|---|---|
| 181.20 | 140 | 2 | 184.90 | 85 | 1 |
| 181.05 | 60 | 1 | 185.00 | 320 | 9 |
| 180.50 | 500 | 6 | 186.45 | 150 | 1 |
| 180.00 | 1,850 | 1 | 187.00 | 40 | 2 |
| 178.10 | 25 | 1 | 189.80 | 700 | 1 |

కొనేవారిలో అందరికంటే ఎక్కువ ఇస్తానన్నవాడి ధర 181.20. అమ్మేవారిలో అందరికంటే తక్కువకు ఇస్తానన్నవాడి ధర 184.90. వీటి మధ్య 3.70 తేడా. దీన్నే స్ప్రెడ్ అంటారు. రెండింటి నడిమి ధర 183.05. ఈ కాసేపటికి షేరు విలువ ఎంత అని ఎవరైనా అడిగితే నేను ఎల్‌టీపీ చెప్పను, ఈ నడిమి ధర చెబుతాను. దానితో పోలిస్తే స్ప్రెడ్ రెండు శాతం.

మన చీటీ రాసినాయన వెయ్యి షేర్ల మార్కెట్ ఆర్డరును ఈ పట్టిక మీద నడిపిద్దాం. మొదట 184.90కు 85 షేర్లు దొరికాయి. తర్వాత 185కు 320. ఆ తర్వాత 186.45కు 150, 187కు 40. ఇక్కడికి 595 అయ్యాయి. ఇంకా 405 కావాలి. వాటి కోసం ఆర్డరు 189.80 దాకా ఎగబాకింది. మొత్తం కలిపితే 1,87,233 రూపాయలు, అంటే షేరుకు 187.23. నడిమి ధర కంటే 4.18 ఎక్కువ, సుమారు 2.3 శాతం. దీనికి ఇంపాక్ట్ కాస్ట్ అని పేరు. మన ఆర్డరే ధరను తోసినందుకు మనం కట్టిన సుంకం.

పోలిక కోసం ఒక మాట. నిఫ్టీ 50లో చేరాలంటే షేరుకు ఒక నియమం ఉంది. పది కోట్ల రూపాయల షేర్ల బుట్ట లెక్కన చూసినా, పరిశీలించిన సందర్భాల్లో 90 శాతం సార్లు ఇంపాక్ట్ కాస్ట్ అర శాతం మించకూడదు. అక్కడ పది కోట్లకు అర శాతం. ఇక్కడ లక్షా ఎనభై ఏడు వేలకు 2.3 శాతం.

ఇది సగం లెక్కే. పట్టిక అలాగే ఉండగా మర్నాడు ఆ వెయ్యి షేర్లనూ మార్కెట్ ఆర్డరుతోనే అమ్మేశారనుకోండి. 181.20కు 140, 181.05కు 60, 180.50కు 500, మిగిలిన 300 షేర్లు 180కి పోతాయి. చేతికి వచ్చేది 1,80,481. ధర కదలలేదు, కంపెనీ చెడలేదు, 6,752 రూపాయలు పోయాయి. పెట్టిన డబ్బులో 3.6 శాతం. డెలివరీ లావాదేవీల మీద ఎస్‌టీటీ అనే పన్ను కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం, రెండూ కలిపి ఇక్కడ 370 రూపాయల లోపే. పన్నుల గురించి, బ్రోకరేజీ గురించి గంటలు గంటలు వాదించేవారు ఈ 6,752 గురించి ఒక్క మాట అనరు. ఎందుకంటే కాంట్రాక్టు నోటులో దానికి గడి లేదు.

కాబట్టి పలచటి షేరు కొనేముందు నేను మొదట చూసేది అమ్మకపు వైపు కాదు, కొనుగోలు వైపు. రేపు నాకు డబ్బు కావలసి వస్తే నా వెయ్యి షేర్లు ఎవరు తీసుకుంటారు, ఎంతకు తీసుకుంటారు? మీరు ఆశించే లాభం ఐదు శాతమే అయితే, రానూపోనూ 3.6 శాతం తినే షేరులో మీకు పని లేదు. లిమిట్ ధర ఎంత జాగ్రత్తగా పెట్టినా ఆ లెక్క మారదు.

సరే, అన్నీ చూసుకున్నాక కొనాలనే నిర్ణయించుకున్నారు. ఎంతకు పెట్టాలి?

ముందు పరిమాణం తేల్చుకోవాలి. గత నెల రోజుల వాల్యూమ్, అంటే రోజుకు ఎన్ని షేర్లు చేతులు మారాయో, తీసి చూడండి. సగటున రోజుకు నాలుగు వేలు అనుకుందాం. అందులో మన వెయ్యి అంటే పావు వంతు. ఒక్క రోజులో పావు వంతు మనమే కొనాలంటే ధరను మనమే పెంచాలి. రోజువారీ వాల్యూమ్‌లో పదో వంతుకు అటూ ఇటూ ఉంటే పెద్దగా అలజడి లేకుండా పని జరుగుతుందన్నది నా అనుభవం. ఇది ఎవరూ రాసిపెట్టిన సూత్రం కాదు, అవసరాన్ని బట్టి సడలించుకోండి. మరీ చిన్న ముక్కలు చేసినా నష్టమే. మీ బ్రోకరు ఆర్డరుకు ఇంత అని వసూలు చేసేవాడైతే ముక్కల సంఖ్య పెరిగినకొద్దీ ఖర్చు పెరుగుతుంది. అమ్మేటప్పుడు డీమ్యాట్ ఖాతా నుంచి షేర్లు తీసినందుకు వేసే డీపీ ఛార్జీ ఒక్కో కంపెనీ షేరుకు రోజుకొకసారి పడుతుంది కనుక, ఒకే రోజు నాలుగు ముక్కలుగా అమ్మినా ఒకటే, నాలుగు రోజులు అమ్మితే నాలుగు.

పరిమాణం తర్వాత గరిష్ఠ ధర. ఇది ఆర్డరు పెట్టాక తోచేది కాదు, ముందే కాగితం మీద రాసుకోవలసింది. అమ్మకపు వైపు వరుసలను పైనుంచి కిందికి కూడుకుంటూ రండి. 184.90 దగ్గర 85, 185 దగ్గరికి వచ్చేసరికి 405. ఆ తర్వాతి మెట్టు 186.45. మొదటి రెండు మెట్ల మధ్య తేడా పది పైసలు, తర్వాతి మెట్టుకు రూపాయి నలభై ఐదు పైసలు. ఆ పైన 187 నుంచి ఒక్కసారిగా 189.80. ఇలాంటి చోటును నేను గండి అంటాను. గరిష్ఠ ధర గండికి ఇవతలి ఒడ్డున ఉండాలి. ఈ పట్టికలో అది 185. ఆ 405 షేర్లూ ఇప్పటికిప్పుడు తీసుకున్నా సగటు 184.98, నడిమి ధర కంటే ఒక శాతం ఎక్కువ. ఆ ఒక శాతం భరించగలను, అంతకు మించి ఒక్క పైసా ఇవ్వను అనుకున్నాక, ధర వెంట పరుగెత్తాలన్న ఆలోచన రాకూడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. 181.20కీ 185కీ మధ్య ఎక్కడ కూర్చోవాలి?

181.20 దగ్గరే చేరితే మీ ముందు 140 షేర్ల వరుస ఉంది. ఎక్స్ఛేంజీలో మొదట ధర, ధర సమానమైతే ముందు వచ్చినవారు. అలాగని 181.21 పెట్టి అందరి ముందుకూ వచ్చానని సంతోషించకండి. 2024 జూన్ నుంచి ఎన్‌ఎస్‌ఈలో 250 రూపాయల లోపు షేర్లకు కనీస అడుగు ఒక పైసా. ఇంతకుముందు అది ఐదు పైసలు. పైసాతో మీరు ఒకరిని దాటారు, మరో పైసాతో ఇంకొకరు మిమ్మల్ని దాటుతారు. మీరు 181.25 అంటే అతను 181.26. చాలాసార్లు అటువైపు ఉన్నది మనిషి కాదు, ప్రోగ్రాము. దానికి విసుగు రాదు. ఆ ఆట ఆడితే అరగంటలో మీరు 183 దాటి ఉంటారు, ఒక్క షేరూ వచ్చి ఉండదు.

నేను చేసేది వేరు. మనుషులు గుండ్రటి అంకెల దగ్గర గుమిగూడతారు. పట్టికలో 185 దగ్గర తొమ్మిది ఆర్డర్లు చూడండి. 180 దగ్గరా ఒక పెద్ద ఆర్డరు. 182, 183 కూడా అలాంటివే. కనుక గుండ్రటి అంకెకు కాస్త అవతల కూర్చుంటాను. కొనాలంటే 182 కాదు, 182.10. అమ్మాలంటే 185 కాదు, 184.85. పది పదిహేను పైసలు వదులుకుంటే ఆ గుంపు మొత్తం నా వెనక ఉంటుంది. స్ప్రెడ్ 3.70 ఉన్నచోట పది పైసలు ఏపాటి?

మొదటి ముక్క 182.10 దగ్గర పెట్టి కాసేపు వదిలేస్తాను. తర్వాత నడిమి ధర వైపు ఒక అడుగు. ఈలోగా పట్టిక ఏం చేస్తుందో చూడటం ముఖ్యం. నేను 182.10 పెట్టగానే 184.90 అమ్మకందారు 184.50కి దిగాడా? అయితే అతనికి అమ్మే అవసరం ఉంది, తొందరపడకూడదు. అతను కదలకుండా, నా పక్కన 182.15, 182.30 అంటూ కొత్త కొనుగోలుదారులు వస్తున్నారా? అయితే సరుకు కోసం పోటీ ఉంది, నడిమి ధర కిందనే కూర్చుంటే దొరక్కపోవచ్చు. ఏమీ జరగలేదా? అదీ సమాచారమే, షేరు నిద్రపోతోంది.

ఆర్డరు ధర మార్చినా, పరిమాణం పెంచినా వరుసలో వెనక్కి పోతారు. పరిమాణం తగ్గిస్తే మీ చోటు మీదే. ఊరికే తాకుతూ ఉండకండి.

పట్టికను చదవడంలో మోసపోయే చోట్లు రెండున్నాయి, వాటి మీద కాస్త ఆగుతాను.

ఒకటి, 180 దగ్గర కనిపిస్తున్న 1,850 షేర్లు. చూడగానే ధైర్యం వస్తుంది, కింద గట్టి గోడ ఉంది కదా అని. పక్కన ఆర్డర్ల గడి చూడండి, ఒకటి. ఒక్క మనిషి, ఒక్క వేలితో రద్దు చేస్తే ఆ గోడ మాయం. దాని పైన 180.50 దగ్గర 500 షేర్లే ఉన్నా ఆరుగురివి. నాకు ఆ 500 మీదే ఎక్కువ నమ్మకం. పెద్ద ఆర్డరు నిజమైనదో కాదో తెలుసుకునే మార్గం ఒకటే, ధర దాని దగ్గరికి వచ్చినప్పుడు అది నిలబడిందా అని చూడటం. 180.50 దాకా రాగానే 178కి జారిపోయే ఆర్డరు కొనడానికి పెట్టింది కాదు, చూపించడానికి పెట్టింది. కొనే ఉద్దేశం లేకుండా ఇలా ఆర్డర్లు పెట్టి ఇతరులను తప్పుదోవ పట్టించడాన్ని సెబీ 2003 నాటి మోసపూరిత లావాదేవీల నిషేధ నిబంధనల కింద తప్పుగా చూస్తుంది. అయితే చర్య తీసుకునేలోపు మీ ఆర్డరు నిండిపోయి ఉంటుంది. పట్టిక అడుగున ఉండే మొత్తం కొనుగోళ్లు, మొత్తం అమ్మకాలు అన్న అంకెలనూ పట్టించుకోకండి. 150కి కొంటానని పెట్టి మరిచిపోయినవాళ్ల షేర్లూ అందులో కలిసి ఉంటాయి.

రెండోది దీనికి వ్యతిరేకం, కనిపించని సరుకు. ఆర్డరు పెట్టేవారు మొత్తం చూపించనక్కరలేదు. కనీసం పదో వంతు చూపిస్తే చాలు. 184.90 దగ్గరున్న 85 నిజంగా 85 కావచ్చు, 850లో పదో వంతూ కావచ్చు. తెర చూసి చెప్పలేం. ఆ 85 ఎవరో కొనేసిన వెంటనే అదే ధర దగ్గర మళ్లీ 85 ప్రత్యక్షమైతే, వెనక ఇంకా ఉందని అర్థం. అలాంటివాడు దొరికితే మన అదృష్టం. 186.45 దాకా ఎక్కనక్కరలేదు, అతని దగ్గరే నెమ్మదిగా తీసుకోవచ్చు.

షేరు రెండు ఎక్స్ఛేంజీల్లోనూ ఉంటే రెండు పట్టికలూ చూడండి. రెండింటి ఆర్డర్ల పుస్తకాలు వేర్వేరు. ఎన్‌ఎస్‌ఈలో 184.90 అడుగుతుంటే బీఎస్‌ఈలో ఎవరో అరవై షేర్లు 184.10కి పెట్టి మరిచిపోయి ఉండవచ్చు. డీమ్యాట్‌లో పడ్డాక ఏ ఎక్స్ఛేంజీలో కొన్నా రెండోదాంట్లో అమ్ముకోవచ్చు.

ఇప్పుడు మన వెయ్యి షేర్లను ఈ పద్ధతిలో కొంటే ఎలా ఉండవచ్చో చూద్దాం. తొలిరోజు 182.10 దగ్గర రెండు వందలకు పెట్టాం, అరవై దొరికాయి. పక్కన 182.15 వచ్చింది, పట్టించుకోలేదు. మధ్యాహ్నం తర్వాత అమ్మకందారు 184కు దిగాడు, అతని 85 తీసుకున్నాం. రెండో రోజు 183.20 దగ్గర 255 వచ్చాయి. మూడో రోజు కొత్త కొనుగోలుదారులు కనిపించారు, పోటీ ఉందని అర్థమై 185 దగ్గరున్న 320 షేర్లూ ఒకేసారి తీసేసుకున్నాం. మొత్తం 720 షేర్లు, సగటు దాదాపు 184. నాలుగో రోజు ధర 188కి పోయింది. మన గరిష్ఠ ధర 185. మిగతా 280 రాలేదు, వదిలేశాం.

ఆ 720 షేర్ల మీద, మార్కెట్ ఆర్డరుతో పోలిస్తే, ఆదా అయింది సుమారు 2,325 రూపాయలు. చప్పట్లు కొట్టకండి, లెక్క ఇంకా పూర్తి కాలేదు. షేరు అక్కడి నుంచి 198కి వెళ్లిందనుకోండి. రాని 280 షేర్లు తొలిరోజే 187.23కు కొని ఉంటే వాటి మీద మూడు వేలకు పైగా లాభం ఉండేది. అంటే ఆదా చేసినదానికంటే పోగొట్టుకున్నదే ఎక్కువ. లిమిట్ ఆర్డరుకు ఖర్చు లేదని చెప్పేవారు ఈ భాగం చెప్పరు. దొరక్కపోవడం కూడా ఖర్చే.

దీనికంటే గడుసు సంగతి ఇంకొకటి ఉంది. మీ లిమిట్ ఆర్డరు ఎప్పుడు తొందరగా నిండుతుంది? అవతలివాడు పరుగెత్తుకుంటూ అమ్ముతున్నప్పుడు. ఎందుకు పరుగెత్తుతున్నాడు? మీకు తెలియనిది ఏదో అతనికి తెలిసింది. మంచి వార్త వస్తే మీ 182.10 జోలికి ఎవరూ రారు, చెడు వార్త వస్తే నిమిషంలో మొత్తం నిండుతుంది. అందుకే ఫలితాలు ప్రకటించే రోజు నేను పలచటి షేరులో ఆర్డరు వదిలి భోజనానికి వెళ్లను. బోర్డు సమావేశం తేదీ ఎక్స్ఛేంజీ వెబ్‌సైట్‌లో ముందే ఉంటుంది. ఆ రోజు ఆర్డరు తీసేస్తాను, ఫలితం చదివాక మళ్లీ పెడతాను.

మరి ఓపిక ఎప్పుడు, తొందర ఎప్పుడు? మీరు కొనే కారణం మూడేళ్లకు సంబంధించినదైతే మూడు రోజులు ఆగడానికి ఇబ్బంది లేదు. కారణం ఈ వారానికి సంబంధించినదైతే, ఉదాహరణకు కంపెనీని చేజిక్కించుకునేవారు వాటాదారుల షేర్లు కొంటామని ఓపెన్ ఆఫర్ పెట్టి పెద్ద ధర ప్రకటించారు, మార్కెట్ ధర ఇంకా అక్కడికి చేరలేదు, అప్పుడు 182.10 దగ్గర కూర్చోవడంలో అర్థం లేదు. గండికి ఇవతల ఉన్న సరుకు తీసుకోవాలి. అప్పుడు కూడా మార్కెట్ ఆర్డరు వద్దు. 185కే లిమిట్ పెట్టండి. అమ్మేవాడు ఉన్నంతవరకు అది మార్కెట్ ఆర్డరులాగే పనిచేస్తుంది, గండి దగ్గర ఆగుతుంది. 405 వస్తాయి, మిగతావి 185 దగ్గర కొనుగోలు ఆర్డరుగా నిలబడతాయి. అలా నిలబడటం ఇష్టం లేకపోతే ఐఓసీ అన్న రకం ఎంచుకోండి, దొరికినంత తీసుకుని మిగతాది రద్దవుతుంది.

ఇక ప్రశ్నలు.

[వెనక వరుస నుంచి ఒకరు: "మాస్టారూ, ఉదయం మార్కెట్ తెరవగానే పెడితే మంచిదా, మధ్యాహ్నమా?"]

పలచటి షేరులో తొమ్మిదింబావుకు స్ప్రెడ్ మరీ వెడల్పుగా ఉంటుందండీ. నిన్నటి ఆర్డర్లు రద్దయి ఉంటాయి, కొత్తవి ఇంకా రాలేదు. ఐదేసి శాతం తేడాతో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉంటారు. పట్టిక నిండటానికి కనీసం అరగంట ఇవ్వండి. తొమ్మిది గంటలకు మొదలయ్యే ప్రీ ఓపెన్‌లో ఇలాంటి షేరుకు మార్కెట్ ఆర్డరు అసలు పెట్టవద్దు. నాలుగైదు ఆర్డర్లతోనే అక్కడ ప్రారంభ ధర తేలిపోతుంది, ఆ నాలుగింటిలో ఒకటి మీదే అవుతుంది.

[ఒక మహిళ: "సర్క్యూట్ పడితే మన లిమిట్ ఏమవుతుంది?"]

మంచి ప్రశ్న అమ్మా. సర్క్యూట్ అంటే ఒక్క రోజులో ధర దాటకూడని హద్దు. ఈ షేరుకు అది ఐదు శాతం అనుకోండి. నిన్నటి ముగింపు 182.40 కనుక ఈరోజు దాదాపు 173.30కీ 191.50కీ మధ్యే ఆర్డర్లు తీసుకుంటారు. బయటి ధర పెడితే తిరస్కరిస్తారు. కింది సర్క్యూట్ పడిందంటే కొనుగోలు వైపు ఖాళీ. మీరు అమ్మాలంటే 173.30 దగ్గర వరుసలో నిలబడటమే, మీ ముందు ఎన్ని వేల షేర్లున్నాయో చూసుకుంటూ. అప్పుడు ధర ఎంచుకునే వీలు లేదు, ఎవరు ముందు వచ్చారన్నదే లెక్క. ఈ షేర్లు తరచుగా నిఘా జాబితాల్లోకి వెళ్తుంటాయి, అప్పుడు హద్దును ఐదుకో రెండుకో తగ్గిస్తారు. కొనేముందు హద్దు ఎంతో చూడండి, అది రెండు శాతమైతే బయటపడటానికి రోజులు పట్టవచ్చు.

[మరొకరు: "స్టాప్ లాస్ పెట్టుకుంటే సరిపోతుంది కదా?"]

పలచటి షేరులో స్టాప్ లాస్‌ను నేను పెద్దగా నమ్మను. ధర మనం చెప్పిన ట్రిగ్గర్ దాకా పడగానే దానంతట అదే అమ్మకానికి దిగే ఆర్డరు అది, మేలుకునేది ఎల్‌టీపీ చూసి. ఇందాక చెప్పుకున్నాం, ఎవరో పది షేర్లు తొందరపడి అమ్మినా ఎల్‌టీపీ పడుతుంది. మీరు 178.50 దగ్గర ట్రిగ్గర్ పెట్టారు. పైనున్న కొనుగోలు ఆర్డర్లు నిండిపోయి, 180 దగ్గరున్న ఆ ఒంటరి 1,850 తప్పుకున్నాక ఎవరో ఇరవై షేర్లు 178.10కి అమ్మారు. ట్రిగ్గర్ పేలింది. ఇప్పుడు మీ వెయ్యి షేర్లు మార్కెట్ ఆర్డరుగా దిగితే, 178.10 దగ్గర మిగిలింది ఐదు. దాని కింద ఏముందో తెర మీద ఐదు వరుసల్లో లేదు. కనుక పెట్టక తప్పదనుకుంటే లిమిట్ ఉన్న స్టాప్ లాస్ పెట్టండి. ట్రిగ్గర్ 178.50, లిమిట్ 176.90, అలా. అది అమ్ముడుపోకపోవచ్చు కూడా, దానికి సిద్ధపడాలి. రోజుల తరబడి నిలిచే జీటీటీ ఆర్డర్లకూ ఇదే మాట. నా వరకు నేను ఈ షేర్లలో ట్రిగ్గర్ బదులు ఫోనుకు ధర హెచ్చరిక పెట్టుకుంటాను. అది మోగాక డెప్త్ తెరిచి, పది షేర్ల ధరనా, నిజంగా కొనేవారు కిందికి దిగారా చూసి, అప్పుడు ఆర్డరు రాస్తాను.

[చీటీ రాసిన వ్యక్తి లేచి: "ఇప్పుడు నా 187 రూపాయల షేర్లు ఏం చేయమంటారు?"]

[నవ్వులు]

అది మీ కంపెనీ లెక్కల్లో చూడాలండీ, నా బోర్డు మీద కాదు. అమ్మాలని నిర్ణయించుకుంటే మాత్రం మార్కెట్ ఆర్డరు పెట్టకండి. ముందుగా రెండు వందలు, 184.85 దగ్గర, ఆ 185 గుంపుకు ముందు.